మెషిన్ నీళ్లు వదిలితే కమోడ్‌లో గుడగుడ

వాషింగ్ మెషిన్ ఉతకడం పూర్తిచేసి మురికి నీళ్లు బయటికి వదలడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఎవరూ లేని బాత్రూమ్‌లోంచి గుడగుడమని చప్పుడు వస్తుంది. వెళ్లి చూస్తే కమోడ్‌లో నీళ్ల అడుగు నుంచి బుడగలు లేస్తుంటాయి. నీటి మట్టం కాస్త పైకి లేచి మళ్లీ దిగుతుంది. మెషిన్ ఆగిన కొద్దిసేపటికి ఆ చప్పుడూ ఆగిపోతుంది. ఫ్లష్ చేసి చూస్తే నీళ్లు బాగానే పోతాయి. అందుకే చాలామంది దీన్ని పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్లు మెషిన్ మెకానిక్‌ను పిలుస్తారు, లేకపోతే కమోడ్ మార్చాలేమోనని కంగారుపడతారు.

తప్పు మెషిన్‌ది కాదు, కమోడ్‌దీ కాదు. ఆ రెండింటి నీళ్లూ ఒకే గొట్టంలో కలుస్తున్నాయి. కలిసిన చోటు దాటాక దిగువన ఎక్కడో దారి సగం మూసుకుపోయింది. పూర్తిగా మూసుకుపోతే చప్పుడు కాదు, ఇంట్లోకి మురుగే వస్తుంది. సగం మూసుకుపోయిన దశలో వినిపించే చప్పుడు ఇది. అంటే బాగు చేసుకోవడానికి ఇంకా సమయం ఉంది.

కమోడ్ అడుగున ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లు మురికి కడగడానికి మాత్రమే కావు. కమోడ్ వెనక వంపులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు అడ్డుగా నిలిచి, గొట్టంలోని దుర్వాసన గదిలోకి రాకుండా ఆపుతాయి. బాత్రూమ్ నేల మీద జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లోనూ ఇదే ఏర్పాటు. అయితే రెండంగుళాల నీరు ఆపగలిగే ఒత్తిడి చాలా తక్కువ. గొట్టంలో గాలి ఏ కొంచెం బిగుసుకున్నా ఆ నీటిని తోసుకుని బుడగలుగా బయటికి వస్తుంది.

ఇంతకీ గొట్టంలో గాలి ఎందుకు బిగుసుకుంటుంది? మురుగు గొట్టం నిండుగా పారేందుకు వేసింది కాదు. కింది సగంలో నీళ్లు పోతుంటే, పై సగంలో గాలి ఉంటుంది. నీళ్లు వచ్చినప్పుడు ఆ గాలి పక్కకు జరిగి, డాబా మీదికి లేచిన గాలి గొట్టం గుండా పోతుంది. నీళ్లు వెళ్లిపోయాక మళ్లీ అక్కడి నుంచే లోపలికి వస్తుంది. దిగువన అడ్డు ఉన్నప్పుడు నీళ్లు వెనక్కి నిలుస్తాయి. నిలిచిన నీరు గొట్టం పైకప్పును తాకిందంటే, కమోడ్ నుంచి వచ్చే పాయకూ గాలి గొట్టానికీ మధ్య దారి తెగిపోతుంది. ఆ పాయలో చిక్కుకున్న గాలికి ఇక మిగిలిన దారి కమోడ్‌లోని ఆ రెండంగుళాల నీరే. గాలి గొట్టం బాగానే ఉన్న ఇంట్లో కూడా ఈ చప్పుడు రావడానికి కారణం ఇదే. ఈ సంగతి తెలియక డాబా ఎక్కి గాలి గొట్టం టోపీ ఊడదీసి చూసి, ఏమీ దొరక్క దిగివచ్చే మేస్త్రీలు ఉన్నారు.

చప్పుడు రెండు రకాలుగా ఉంటుంది. మెషిన్ నీళ్లు వదులుతున్నంతసేపూ లోపలి గాలి బయటికి రావడం వల్ల బుడగలు లేస్తాయి. మెషిన్ ఆగాక నిలిచిన నీరు మెల్లగా దిగిపోతూ గాలిని తన వెంట లాక్కుంటుంది. అప్పుడు సీసాను బోర్లిస్తే నీళ్లూ గాలీ ఒకే మూతిలో కొట్టుకున్నట్టు గుటుక్కుమంటుంది. ఈ రెండోసారి కమోడ్‌లో నీళ్లు ఎప్పుడూ ఉండే మట్టం కంటే కిందికి దిగాయంటే అడ్డుగా ఉన్న నీరు కొంత పోయిందన్నమాట. ఆ రోజు బాత్రూమ్‌లో వాసన రావడం అందుకే. ఒకసారి ఫ్లష్ చేస్తే మట్టం మళ్లీ నిండుతుంది.

ఫ్లష్ చేస్తే రాని చప్పుడు మెషిన్ వదిలితేనే ఎందుకు వస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒక లెక్క వేసి చూద్దాం. ఇళ్లలో వాడే నాలుగంగుళాల గొట్టం మీటరు పొడవున దాదాపు 8 లీటర్లు పడుతుంది. కమోడ్ నీళ్లూ మెషిన్ నీళ్లూ కలిసే చోటుకు మూడు మీటర్ల దిగువన అడ్డు ఉందనుకుందాం. అంటే ఆ అడ్డు వెనక సుమారు 24 లీటర్లు నిలిచేందుకు చోటుంది. అడ్డు సందుల్లోంచి నిమిషానికి 5 లీటర్లు మాత్రమే పోతున్నాయనుకుందాం.

ఫ్లష్ ట్యాంకు నుంచి ఒక్కసారిగా 6 లీటర్లు వస్తాయి. అవి ఆ 24 లీటర్ల చోటులో నాలుగో వంతు నిండి, ఒక నిమిషం దాటేసరికి పోతాయి. చెంబుతో పోసుకుని స్నానం చేస్తే పది నిమిషాల్లో 20 లీటర్లు, అంటే నిమిషానికి 2 లీటర్లే. అది నిలవనే నిలవదు. మరి పైనుంచి బట్టలు వేసే మెషిన్ 50 లీటర్లను మూడు నిమిషాల్లో పంపుతో బయటికి తోస్తుంది. నిమిషానికి దాదాపు 17 లీటర్లు వస్తుంటే 5 మాత్రమే పోతున్నాయి, మిగిలిన 12 వెనక నిలుస్తున్నాయి. రెండు నిమిషాల్లో ఆ 24 లీటర్ల చోటు నిండిపోతుంది. సరిగ్గా అక్కడి నుంచే కమోడ్ గుడగుడలాడుతుంది. పంపు ఆగేసరికి 36 లీటర్లు నిలిచి ఉంటాయి. అవి పోవడానికి ఇంకో ఏడు నిమిషాలు పడుతుంది. ఆ ఏడు నిమిషాల్లో ఎవరైనా ఫ్లష్ చేస్తే కమోడ్‌లో నీళ్లు అంచుదాకా లేచి భయపెడతాయి.

మీ ఇంటి కొలతలు వేరుగా ఉండొచ్చు. ముందు నుంచి బట్టలు వేసే మెషిన్ ఒక్కోసారి వదిలే నీళ్లు ఇంతకంటే చాలా తక్కువ. ఆ మెషిన్‌కే చప్పుడు వస్తోందంటే అడ్డు మరింత ముదిరిందనో, కలిసే చోటుకు మరీ దగ్గరగా ఉందనో అనుకోవాలి. మీ మెషిన్ ఎంత వేగంగా వదులుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దాని గొట్టాన్ని పెద్ద బకెట్‌లో పెట్టి, బకెట్ నిండేందుకు ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తే చాలు.

ఇదే బకెట్‌తో తప్పు ఎక్కడుందో కూడా కొంత తేల్చుకోవచ్చు. మెషిన్‌ను పక్కనపెట్టి, అది నీళ్లు వదిలే రంధ్రంలోనే 15 లీటర్ల బకెట్ ఒకటి గబగబా పోయండి. ఇంకొకరు కమోడ్ దగ్గర నిలబడి చూడాలి. ఆ వెంటనే రెండోది, మూడోది పోయండి. మొదటి బకెట్‌కు ఏమీ కాకుండా రెండో బకెట్‌కో మూడో బకెట్‌కో బుడగలు మొదలై, నీటి మట్టం లేస్తే, నీళ్లు ఎక్కడో నిలిచి పేరుకుంటున్నట్టే. అది దిగువ అడ్డు. అలా కాకుండా మొదటి బకెట్ పోస్తుండగానే కమోడ్‌లో నీళ్లు కిందికి లాగినట్టయి, మట్టం అసలు లేవకపోతే గాలి గొట్టాన్ని అనుమానించాలి. పైఅంతస్తు కట్టినప్పుడు గాలి గొట్టాన్ని కోసి మూసేసిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

నహానీ ట్రాప్ జాలీ కూడా తీసి చూడండి. మెషిన్ నీళ్లు వదులుతుండగా అందులోంచి సబ్బు నురగ పైకి వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఆ నురగ మీ బట్టలదే. అది దిగువకు పోలేక వెనక్కి తిరిగి వచ్చింది. చప్పుడు దశ దాటి అడ్డు ముదురుతోందని దాని అర్థం.

అపార్ట్‌మెంట్లలో, పైన ఒక వాటా కింద ఒక వాటా ఉన్న ఇళ్లలో ఈ బాధ ఎప్పుడూ కింది వాటావాళ్లదే. మెషిన్ పైవాళ్లది, గుడగుడ కిందివాళ్లది. విజయవాడలో మా పిన్నిగారింట్లో ఇలాగే జరిగింది. పైన అద్దెకున్నవాళ్లు ఆదివారం పొద్దున బట్టలు వేస్తే, కింద ఆవిడ బాత్రూమ్‌లో చప్పుడు. పైవాళ్ల మెషిన్‌లో ఏదో లోపం ఉందని మాటా మాటా అనుకునేదాకా వచ్చింది. చివరికి ఒక పెద్ద మేస్త్రీ వచ్చాడు.

"కమోడ్ పీకాలా మేస్త్రీ?" అని అడిగింది పిన్ని.

"కమోడ్ జోలికి పోవద్దమ్మగారూ. ముందు గేటు కాడ మూత తియ్యనివ్వండి," అన్నాడతను.

గడ్డపారతో ఛాంబర్ మూత లేపి, కాసేపు దూరంగా నిలబడి, పైవాళ్లను మెషిన్ నీళ్లు వదలమని కేక వేశాడు. పైన పంపు హోరు వినిపిస్తోంది. ఛాంబర్‌లోకి మాత్రం వేలెడు ధార కూడా రావడం లేదు. "ఇంటికీ దీనికీ మధ్యనే ఉందండీ," అని అప్పుడే తేల్చేశాడు. ఛాంబర్ వైపు నుంచి గొట్టంలోకి స్ప్రింగు పంపి, తిప్పుతూ వెనక్కి లాగితే బయటికి వచ్చింది అరచేతి మందాన ఉన్న బూడిదరంగు ముద్ద. తువ్వాళ్ల నూలు, పొడవాటి వెంట్రుకలు, వాటిని కలిపి పట్టుకున్న తెల్లటి జిడ్డు, మధ్యలో ఒక పాత తుడుపుగుడ్డ ముక్క. వంటింటి సింకు నీళ్లు కూడా అదే గొట్టంలో కలుస్తున్నాయని అప్పుడు తెలిసింది. గిన్నెల జిడ్డు గొట్టం లోపలి గోడకు పట్టుకుంటే, మెషిన్ నుంచి వచ్చిన నూలు పోగులు దానికి అంటుకుంటూ పోయాయి.

ఆ మేస్త్రీ చేసిన పరీక్షే ఈ విషయంలో అన్నిటికన్నా విలువైనది. ఎవరైనా చేసుకోవచ్చు. మెషిన్ నీళ్లు వదులుతుండగా ఇంటికి దగ్గరి ఛాంబర్ మూత తీసి చూడాలి. అందులో నీళ్లు లేకుండా సన్నటి ధారే వస్తుంటే అడ్డు ఇంటికీ ఆ ఛాంబర్‌కూ మధ్య ఉంది. ఛాంబర్ నిండి నీళ్లు నిలిచి ఉంటే అడ్డు ఇంకా కిందికి ఉంది, తర్వాతి ఛాంబర్ తీయాలి. అలా వెళ్తూ ఉంటే నిండిన ఛాంబర్ ఒకటి, దాని తర్వాత ఖాళీగా ఉన్న ఛాంబర్ ఒకటి దొరుకుతాయి. ఆ రెండింటి మధ్యనే అడ్డు. ఇంత తెలిస్తే చాలు, ఎక్కడ పడితే అక్కడ గచ్చు తవ్వే పని తప్పుతుంది. మూత తీశాక మాత్రం మొహం లోపలికి వంచి చూడకూడదు, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాలు తీస్తుంది, మీథేన్ మండుతుంది.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో చివరి ఛాంబర్ కూడా నిండి ఉంటే ట్యాంకునే అనుమానించాలి. అడుగున మడ్డి పేరుకుని, లోపలికి వచ్చే గొట్టం మూతి మునిగిపోతే ఇంట్లోని అన్ని బాత్రూమ్‌లలోనూ ఇదే చప్పుడు వస్తుంది. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించమని నిపుణులు చెప్పేది ఇందుకే. వానాకాలంలో మాత్రమే వచ్చే గుడగుడకు కారణం చాలాసార్లు ఇంకుడు గుంట చుట్టూ నేల నీటితో నిండిపోవడం. అప్పుడు గొట్టంలో స్ప్రింగు ఎంత తిప్పినా లాభం ఉండదు.

చప్పుడు వినగానే చాలామంది చేసే పని సీసాడు యాసిడ్ పోయడం. దయచేసి ఆ పని చేయకండి. అడ్డు ఎక్కడో మీటర్ల దూరంలో ఉంది. మధ్యలో నిలిచిన నీళ్లలో కలిసి యాసిడ్ పలచబడిపోతుంది, జిడ్డునూ నూలునూ కరిగించే గుణం దానికి లేదు. కాస్టిక్ సోడా గొట్టంలో వేడి పుట్టించి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. యాసిడ్ పోసిన గొట్టంలోనే బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరాడనివ్వదు. అన్నిటికంటే మించి, మర్నాడు ఆ గొట్టం తెరిచే మనిషి చేతుల మీద, కళ్లలో ఆ నీళ్లే చిందుతాయి. ఏమైనా పోసి ఉంటే వచ్చిన మనిషికి ముందే చెప్పాలి.

అడ్డు తీసేటప్పుడు దిగువ ఛాంబర్ వైపు నుంచి తీయించడం మేలు. వెదురు బద్దైనా, స్ప్రింగైనా, నీటిని ఒత్తిడితో కొట్టే జెట్ మెషినైనా పద్ధతి ఒకటే. దిగువ నుంచి తీస్తే ఊడిన చెత్త ఛాంబర్‌లో పడుతుంది, బయటికి తీసేయొచ్చు. కమోడ్ వైపు నుంచి తోస్తే అదే ముద్ద ముందుకు జరిగి తర్వాతి వంపులో ఇరుక్కుంటుంది. ఇంకో సంగతి, ముద్దకు మధ్యలో చిల్లు పొడిచి నీళ్లు పోయాయని చేతులు దులుపుకుంటే కొద్ది వారాల్లో చప్పుడు తిరిగి వస్తుంది. గొట్టం గోడ శుభ్రం కావాలి. పని అయిందో లేదో తేల్చేది మెషినే. నీళ్లు నిండా పట్టించి ఒకేసారి వదలమనండి, కమోడ్ దగ్గర ఒకరు, ఛాంబర్ దగ్గర ఒకరు చూడండి. కమోడ్ నిశ్శబ్దంగా ఉండి, ఛాంబర్‌లో నీళ్లు ధారాళంగా పడుతుంటేనే డబ్బులిచ్చి పంపండి.

స్ప్రింగుతో ఏం వచ్చిందో కూడా చూడండి, ఇక మీదట చేయాల్సింది దాన్ని బట్టే తెలుస్తుంది. జిడ్డూ నూలూ వస్తే సింకులో నూనె పోయడం మానాలి, మెషిన్‌లోని నూలు జాలీని తరచూ కడగాలి. సన్నటి వేళ్లు వస్తే దగ్గర్లోని వేప చెట్టో రావి చెట్టో గొట్టం అతుకులోంచి లోపలికి చొరబడింది. ఆ అతుకు తవ్వి బాగు చేయించేదాకా వేళ్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. సిమెంటు పెళ్లలు, కంకర వస్తే టైల్స్ వేసినప్పటి చెత్త అది. ఏమీ రాకుండా నీళ్లు మాత్రం నిలుస్తుంటే గొట్టమే ఒక చోట కుంగి ఉంటుంది. నాలుగంగుళాల గొట్టాన్ని 40 అడుగులకు ఒక అడుగు వాలుతో వేయాలన్నది పాత లెక్క. కింద పోసిన మట్టి సరిగ్గా దిమ్మిస చేయకపోతే గొట్టం మధ్యలో కిందికి దిగి, ఆ పల్లంలో నీళ్లు ఎప్పుడూ నిలుస్తాయి. లోపలికి కెమెరా పంపి చూస్తేనే అది బయటపడుతుంది. కుంగిన ముక్క తీసి మళ్లీ వేయడం తప్ప దానికి వేరే మందు లేదు.

ఇంట్లోని ఛాంబర్లన్నీ నిండి ఉంటే అడ్డు గేటు బయట, వీధి మ్యాన్‌హోల్‌లో ఉన్నట్టే. అక్కడి పని మీది కాదు, మున్సిపాలిటీది. హైదరాబాద్‌లోనైతే జలమండలి నంబరు 155313. మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల శుభ్రత కోసం దేశవ్యాప్తంగా 14420 ఉంది. తొందరపడి ఎవరినో పిలిచి లోపలికి మాత్రం దింపకండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషి చేత మురుగు కాలువనూ సెప్టిక్ ట్యాంకునూ శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. అడ్డు తీయడానికి స్ప్రింగులున్నాయి, జెట్ యంత్రాలున్నాయి. మీ గొట్టం కోసం ఏ మనిషినీ ఆ గుంతలోకి దింపకండి.